తడిసింది చీరలైతే సర్వేయర్ ఖాతా పుస్తకాలు ఎందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: సార్, బస్టాండు సెంటర్లో మాకు చిన్న చీరల షాపు ఉంది. పోయిన వారం రాత్రి వానకి మెయిన్ డ్రైను పొంగి షాపులోకి నీళ్లొచ్చాయి. పొద్దున షట్టర్ తీసేసరికి కింది అరల్లో సరుకంతా బురదలో ఉంది. ట్యాగుల ప్రకారం లెక్కేస్తే 8 లక్షల సరుకు పోయింది. లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు చేయించిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది, స్టాకుకి 12 లక్షలు. సర్వేయర్ గారు వచ్చి ఫొటోలు తీసుకుని, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు ఇమ్మని చెప్పి వెళ్లారు. తడిసింది చీరలైతే ఈ లెక్కలతో పనేంటి? శ్రావణానికని తెచ్చిన సరుకు కొంత ఇంట్లో మేడ మీద ఉంది, దానికేం కాలేదు. షాపు కంపు కొడుతోంది, పాడైనవి పారేయొచ్చా? ఆయన ఎంత రాస్తే అంతేనా? మా బావగారేమో ఆయన్ని 'చూసుకుంటే' పని అయిపోతుందంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ చీరలు పారేయకండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

నేను చాలా ఏళ్లు సర్వేయర్‌గా తిరిగినవాణ్ని. లెక్కకు దొరక్క పోయిన డబ్బులో ఎక్కువ భాగం ఈ ఒక్క తొందర వల్లే పోవడం చూశాను. కంపు భరించలేక, పక్క షాపులవాళ్లు గొడవ చేస్తున్నారని మున్సిపాలిటీ ట్రాక్టరులో వేసి పంపేస్తారు. తర్వాత లిస్టులో 240 చీరలని రాస్తారు. సర్వేయర్ దగ్గర ఉన్న ఫొటోలో ఒక బురద కుప్ప తప్ప ఏమీ కనపడదు. ఆ కుప్పలో 240 ఉన్నాయో 90 ఉన్నాయో ఎవరు చెప్పగలరు? అలాగని తడిసినవాటిని మూటకట్టి అలాగే వదిలేయమని కూడా కాదు. నష్టం ఇంకా పెరగకుండా చూసుకునే బాధ్యత పాలసీదారు మీదే ఉంటుంది. ఆరేయగలిగినవి ఆరేయండి, పైఅరల్లో సరుకు పొడి చోటికి మార్చండి. అలా చేస్తున్నట్టు సర్వేయర్‌కీ కంపెనీకీ ఒక మెయిల్ పెట్టండి. నిజంగా కుళ్లిపోయి ఉంచలేని పరిస్థితి వస్తే, 'ఫలానా తేదీన తీసేయాలనుకుంటున్నాం, అంతకుముందే వచ్చి చూడండి' అని రాయండి. జవాబు వచ్చాక, ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఫొటో తీసి, అప్పుడు తీయించండి.

ఇక సర్వేయర్ అంటే ఎవరో చెబుతాను. ఆయన కంపెనీ ఉద్యోగి కాదు, మీ తరఫు మనిషీ కాదు. హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన లైసెన్సు మీద పనిచేసే మనిషి. ఆయన్ని పెట్టేదీ, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. మోటారు కాని క్లెయిముల్లో నష్టం లక్ష రూపాయలు, ఆ పైన ఉంటే లైసెన్సున్న సర్వేయర్ రిపోర్టు లేకుండా కంపెనీ డబ్బు ఇవ్వడానికి వీల్లేదు. 1938 బీమా చట్టంలో 64యూఎం అనే సెక్షన్ ఆ మాట చెబుతుంది. కాబట్టి ఆయన రావడం మీ మీద అనుమానంతో కాదు, ఆయన రాకపోతే మీ ఫైలు ముందుకే కదలదు.

ఆయన మీ షాపులో చూసేవి మూడు. నీళ్లు ఎలా వచ్చాయి, ఎంతవరకు వచ్చాయి, వచ్చిన చోట ఏముంది. మొదటిది పాలసీ వర్తిస్తుందా లేదా అన్నది తేలుస్తుంది. డ్రైను పొంగి వీధిలోంచి వచ్చిన నీళ్లయితే వరద కింద వస్తుంది. పైకప్పు నెర్రెల్లోంచి ఏళ్లుగా కారుతున్న చెమ్మ అయితే రాదు. అందుకే ఆయన గోడ పైభాగం కూడా తడిమి చూస్తారు, వీధిలో నలుగురినీ అడుగుతారు, ఆ రోజు వార్తాపత్రిక కటింగు ఉందా అని అడుగుతారు. మీ పక్క షాపుల్లోకి నీళ్లొచ్చిన ఫొటోలు మీ ఫోనులో ఉంటే ఇవ్వండి, మీ షాపు ఒక్కటే తడిసిందన్న అనుమానం అక్కడే పోతుంది.

రెండోది నీటి గీత. దీన్ని కాస్త దగ్గరగా చెబుతాను, ఎందుకంటే చాలామంది దీని జోలికే పోరు. నీళ్లు తీసేశాక షట్టర్ లోపలి వైపు, ర్యాకుల ఇనుప కాళ్ల మీద బురద ఎండి ఒక సన్నటి చార మిగులుతుంది. సర్వేయర్ టేపు పెట్టి నేల నుంచి ఆ చార వరకు కొలుస్తారు. అది 22 అంగుళాలనుకోండి. మీ ర్యాకులో మొదటి అర నేలకు 6 అంగుళాల ఎత్తులో, రెండోది 20 అంగుళాల్లో, మూడోది 34లో ఉంటే, మొదటి రెండు అరలు తడిసినట్టు, మూడోది తడవనట్టు. మీ లిస్టులో మూడో అర సరుకు కూడా ఉందంటే ఆయన పెన్ను అక్కడ ఆగిపోతుంది. ఆ ఒక్క చోట అబద్ధం కనపడితే మిగతా నిజాలన్నీ కూడా అనుమానంతోనే చదువుతారు. అయితే ఒక మినహాయింపు ఉంది. నిలువుగా కట్టిన బేళ్లలో నీరు గుడ్డ వెంట పైకి పాకుతుంది. కింది అంచు మునిగినా పైన జానెడు వరకు మరక పడుతుంది. అలాంటివి మీకుంటే బేలు విప్పి లోపలి మరక ఆయనకి చూపించండి, చూపించకపోతే ఆయన చార దగ్గరే ఆగిపోతారు. షాపు కడిగే ముందు ఆ చారని స్కేలు పక్కన పెట్టి ఫొటో తీశారా? తీయకపోతే ఇప్పుడే వెళ్లి, ఇంకా మిగిలిన చోట తీసుకోండి. ఫినాయిల్ వేసి గోడలు కడిగేశాక నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పడానికి మీ మాట తప్ప ఏమీ ఉండదు.

మూడోది సరుకు. ఇక్కడ ఆయన మీతో కలిసి కూర్చుని కుప్పలు వేయించాలి. పూర్తిగా పోయినవి ఒకటి, ఉతికితే లేదా పాలిష్ పెడితే తక్కువ ధరకి అమ్ముడయ్యేవి ఒకటి, ఏమీ కానివి ఒకటి. చీరల్లో ఇది కళ్లతో చూస్తే తేలేది కాదు. పాలియెస్టర్ చీర బురద నీళ్లలో మునిగినా ఉతికితే చాలావరకు వస్తుంది. పట్టు చీరకి జరీ నల్లబడుతుంది, అంచు రంగు ఒంటి మీదకి దిగుతుంది. పైకి బాగానే ఉన్నట్టుంటుంది, మడత విప్పితే లోపల ఆకుపచ్చ బూజు చుక్కలు. అందుకని పై మడత చూసి 'ఇది పరవాలేదు' అని ఆయన రెండో కుప్పలో వేయబోతే, మర్యాదగానే 'ఒక్కసారి విప్పి చూద్దాం సార్' అనండి. సంకోచం వద్దు. కుప్పల లెక్క అయ్యాక లిస్టు మీద ఆయన సంతకం, మీ సంతకం పడాలి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. ఆయన ఫొటోలు మాత్రమే తీసుకుని వెళ్లారని రాశారు కాబట్టి ఈ పని ఇంకా జరగలేదనుకుంటున్నాను. మళ్లీ రమ్మని రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు ఖాతా పుస్తకాల సంగతి. ఉన్న చీరలు లెక్కపెట్టినంత మాత్రాన డబ్బు తేలదు. రెండు ప్రశ్నలకి జవాబు పుస్తకాల్లోనే ఉంది. ఆ సరుకు మీకు ఎంతకు పడింది? ఆ రాత్రి మీ షాపులో మొత్తం ఎంత సరుకు ఉంది? రెండో ప్రశ్న మీకు వింతగా అనిపించొచ్చు, తడవని సరుకుతో ఆయనకేం పని అని. కానీ మీ డబ్బుని ఎక్కువగా కోసేది ఆ రెండో ప్రశ్నే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచినప్పుడు, కొన్ని కొట్లలో సరుకు లెక్కపెట్టడానికి కూడా మిగలలేదు. అట్టపెట్టెలు, బియ్యం, గుడ్డలు అన్నీ కలిసి ఒకే ముద్ద. అలాంటి చోట సర్వేయర్ చేతిలో మిగిలేది పుస్తకాలే. మీ షాపులో సరుకు ఇంకా కళ్లముందు ఉంది, అది మీ అదృష్టమే.

మీ అసలు లెక్కలు నా దగ్గర లేవు కాబట్టి ఊహించి అంకెలు వేస్తాను. మీ ఆడిటర్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ అంకెలతో ఇదే లెక్క వేసుకోండి.

ఏప్రిల్ 1న మీ ఓపెనింగ్ స్టాకు 15,60,000 అనుకుందాం. అప్పటి నుంచి వాన రాత్రి వరకు కొన్నది, జీఎస్టీ తీసేసి, 9,40,000. అదే కాలంలో అమ్మింది, జీఎస్టీ తీసేసి, 12,00,000. మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు అడిగింది ఇందుకే: మీకు అమ్మకం మీద సగటున ఎంత లాభం మిగులుతుందో వాటిలో తెలుస్తుంది. 25 శాతం అనుకుంటే, 12 లక్షల అమ్మకం వెనక మీకు పడిన ఖరీదు 9,00,000. ఓపెనింగ్ స్టాకుకి కొన్నది కలిపి, ఈ 9 లక్షలు తీసేస్తే 16,00,000. పుస్తకాల ప్రకారం ఆ రాత్రి మీ దగ్గర ఉన్న సరుకు ఇది. జీఎస్టీ రిటర్నులు అడిగేది, ఈ కొనుగోళ్లూ అమ్మకాలూ వాన తర్వాత తయారుచేసిన అంకెలు కావని చూసుకోవడానికి. రిటర్నుల్లో చూపని 'చిల్లర' అమ్మకాలు ఉంటే ఇక్కడ అవి మీకే అడ్డం తిరుగుతాయి. చూపని అమ్మకం వల్ల పుస్తకాల్లో స్టాకు ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది, షాపులో లెక్కపెడితే అంత ఉండదు.

ఇక మీ 8 లక్షలు. అది ట్యాగుల మీద ధర. అందులో మీ లాభం కూడా ఉంది. పోయిన సరుకుకి బీమా ఇచ్చేది మీకు పడిన ఖరీదే తప్ప మీరు అమ్ముకుంటే వచ్చేది కాదు. 25 శాతం తీసేస్తే 6,00,000. అందులో రెండు మూడేళ్లుగా కదలని పాత డిజైన్లు 80,000 ఖరీదు చేసేవి ఉన్నాయని, వాటికి సగం తగ్గించారని అనుకుందాం. మిగిలింది 5,60,000. తర్వాత సాల్వేజ్, అంటే పాడైన సరుకుకి ఇంకా మిగిలిన విలువ. ఉతికి తక్కువకి అమ్మగలిగిన రెండో కుప్పకి 1,10,000 వస్తుందని ఆయన వేశారనుకోండి. ఆ సరుకు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం తీసేస్తారు. ఇప్పుడు 4,50,000.

ఇక్కడితో ఆగితే మీకు పెద్దగా బాధ ఉండదు. కానీ రిపోర్టులో తర్వాతి పేరా పేరు అండర్ ఇన్సూరెన్స్. షాపులో ఉన్న సరుకు 16 లక్షలు, బీమా చేసింది 12 లక్షలకి. అంటే నాలుగింట మూడు వంతులకే ప్రీమియం కట్టారు, నష్టంలో కూడా మూడు వంతులే ఇస్తాం అని కంపెనీ లెక్క. మీ పాలసీలో 15 శాతం వరకు తక్కువ ఉంటే పట్టించుకోరు. ఇక్కడ 25 శాతం తక్కువ ఉంది. 4,50,000లో నాలుగో వంతు పోతే 3,37,500. షెడ్యూల్లో మీ వంతుగా రాసిన ఎక్సెస్ 10,000 అనుకుంటే చేతికి వచ్చేది 3,27,500. మీరు 8 లక్షలతో మొదలుపెట్టారు! ఎవరూ మోసం చేయకుండానే, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కారణంతో, అంత దిగిపోయింది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. 'శ్రావణానికని తెచ్చిన సరుకు కొంత ఇంట్లో మేడ మీద ఉంది.' అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన మాట అదే. పుస్తకాలకి షాపు, ఇల్లు అనే తేడా తెలియదు. 16 లక్షలు అనేది మీ వ్యాపారం మొత్తం స్టాకు. పాలసీ మాత్రం షెడ్యూల్లో రాసిన అడ్రసుకి. అందులో షాపు అడ్రసు ఒక్కటే ఉంటే, ఇంట్లో ఉన్న సరుకు ఆ 12 లక్షల కిందకి రాదు, కాబట్టి దాన్ని ఈ పోలికలోకి తీసుకోకూడదు. మేడ మీద 2,50,000 సరుకు ఉందని తేలితే షాపులో ఉన్నది 13,50,000. దానికి 12 లక్షల బీమా అంటే తక్కువైంది 11 శాతం పైచిలుకు. 15 లోపే. నాలుగో వంతు కోత పూర్తిగా పోతుంది. చేతికి వచ్చేది 4,40,000. ఆ ఒక్క సంగతి రాతలో పెట్టడం, పెట్టకపోవడం మధ్య తేడా 1,12,500.

సర్వేయర్ మీ ఇంటికి రారు, మేడ మీద ఏముందో ఆయనకి తెలియదు. మీరు చెప్పకపోతే పుస్తకాల్లో ఉన్న 16 లక్షలూ షాపులోనే ఉన్నాయని వేసేస్తారు. అందులో ఆయన తప్పు కూడా లేదు. కాబట్టి ఆ సరుకు అమ్మేయకముందే, చీరలు విప్పకుండా, బేళ్ల మీద సరఫరాదారు లేబుళ్లు కనపడేలా ఫొటోలు తీయండి. ఆ బేళ్ల కొనుగోలు బిల్లులు, ఇంటికి తెచ్చిన ట్రాన్స్‌పోర్టు రసీదు ఉంటే అదీ జతచేయండి. వచ్చి చూడమని ఆయన్ని పిలవండి. కానీ ముందు పాలసీ షెడ్యూలు తీసి అడ్రసు చదవండి. అందులో ఇల్లు కూడా రాసి ఉంటే ఈ వాదన నిలవదు, ఆ సరుకు కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకో మాట. నిజంగా ఉన్నదే చెప్పండి. పక్కింటి సరుకు తెచ్చి మేడ మీద పెడితే బిల్లుల నంబర్లు, తేదీలు కలవవు.

ఇలాగే మిగతా మెట్లలో కూడా వాదించదగ్గవి ఉన్నాయి. పాత డిజైన్లకి సగం తగ్గించారంటే ఏ ఆధారంతో అని అడగొచ్చు. పోయిన ఏడాది అవే డిజైన్లు ట్యాగు ధరకే అమ్మిన బిల్లులు ఉంటే చూపించండి. సాల్వేజ్ అంకె కూడా దేవుడు రాసింది కాదు. ఆయన 1,10,000 వేశారు, కానీ పాత గుడ్డలు కొనే టోకు వ్యాపారులు ముగ్గురు 60,000, 65,000, 70,000 అన్నారంటే, ఆ కొటేషన్లు లెటర్‌హెడ్ మీద తెచ్చి ఇవ్వండి. 'అంతకి మీరే అమ్మించుకోండి, సరుకు ఇచ్చేస్తాను' అనడం కూడా మీ హక్కే. ఆ మాట అన్నాక సాల్వేజ్ అంకె తగ్గిన సందర్భాలు నాకు గుర్తున్నాయి, కొన్నిసార్లు నేనే తగ్గించాను. 25 శాతం లాభం మాత్రం మీ బ్యాలెన్స్ షీట్లలోంచే వస్తుంది కాబట్టి దాన్ని కదిలించడం కష్టం. ట్యాక్సు తక్కువ కట్టడానికి లాభం తక్కువ చూపించిన షాపులవాళ్లకి ఇక్కడ ఒక విచిత్రం ఎదురవుతుంది. లాభం శాతం తక్కువైతే ఖరీదు ఎక్కువ వస్తుంది, పోయిన సరుకుకి మేలే అనుకుంటారు. కానీ అదే దెబ్బకి అమ్మిన సరుకు ఖరీదు పెరిగి, పుస్తకాల ప్రకారం మిగలాల్సిన స్టాకు తగ్గిపోతుంది. షాపులో లెక్కపెట్టినది దానికంటే ఎక్కువ ఉంటే, 'ఈ అదనపు సరుకు బిల్లులేవి?' అని అడుగుతారు.

జీఎస్టీ గురించి చిన్న మాట. కొనుగోళ్లు జీఎస్టీ లేకుండా లెక్కేసేది, మీరు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకున్నారు కాబట్టి. కానీ ధ్వంసమైన సరుకు మీద తీసుకున్న క్రెడిట్‌ని తిరిగి కట్టాల్సి ఉంటుంది. కట్టిన రుజువుతో ఆ మొత్తం కూడా క్లెయిములో అడగండి. ఇస్తారా లేదా అన్నది పాలసీ మాటల మీద ఆధారపడుతుంది, అడగకపోతే మాత్రం రాదు.

ఆయన ఎంత రాస్తే అంతేనా అన్నారు. చట్టప్రకారం కాదు. 64యూఎం సెక్షనే కంపెనీకి సర్వేయర్ వేసిన మొత్తానికి భిన్నంగా ఇచ్చే హక్కు ఉంచింది, ఎక్కువైనా తక్కువైనా. న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు సర్వేయర్ రిపోర్టు ఆఖరి మాట కాదని చెప్పింది. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, మొదటి రిపోర్టు నచ్చలేదని కారణం చెప్పకుండా కంపెనీ వరసగా సర్వేయర్లని మార్చుకుంటూ పోవడం కుదరదని కూడా చెప్పింది. ఇది కాగితం మీది మాట. ఆచరణలో, మీలాంటి సైజు క్లెయిములో ఆఫీసులో కూర్చున్న మనిషి ఫైలు తెరిచి, రిపోర్టు చివరి పేజీలో ఉన్న అంకె చూసి, దాని మీదే మంజూరు చేస్తారు. మార్చాలంటే ఆ మనిషి కారణం రాయాలి, కారణం రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే రిపోర్టు వచ్చాక పోట్లాడటం కంటే, రాకముందే దాని కింద మీ కాగితాలు ఉండేలా చూసుకోవడం చాలా తేలిక.

గడువులు కూడా తెలుసుకోండి. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటల్లో సర్వేయర్ని కేటాయించాలి, ఆ తర్వాత 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. వారం గడిచిందన్నారు, అంటే మీకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. కాగితాలు మీ వైపు ఆలస్యమైతే ఆ నెపం రిపోర్టులోకి ఎక్కుతుంది. ఇచ్చిన ప్రతి కాగితానికీ మెయిల్లో జాడ ఉండాలి. వాట్సాప్‌లో పంపినా సరే, అదే మెయిల్లో మళ్లీ పంపండి.

మీ బావగారి సలహా సంగతి. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ లిస్టులో లేని సరుకు చేర్చమనో, మూడో అర తడిసినట్టు రాయమనో అడిగి, అది బయటపడితే, మోసం కింద మొత్తం క్లెయిమే పోతుంది, నిజంగా తడిసిన చీరలకి కూడా రూపాయి రాదు. ఇక డబ్బు అడిగే సర్వేయర్లు లేరా అంటే, ఉన్నారు. అలా ఎవరైనా అడిగితే మాటల్లో తేల్చకుండా, కంపెనీకి రాసి వేరే సర్వేయర్ని పెట్టమనండి. మీ సర్వేయర్ మాత్రం పుస్తకాలు అడుగుతున్నారంటే తన పని తాను చేస్తున్నట్టే.

లెక్క అయ్యాక ఆయనో, కంపెనీయో ఒక అంగీకార పత్రం పంపొచ్చు, 'ఇంత మొత్తం పూర్తి పరిష్కారంగా ఒప్పుకుంటున్నాను' అని. అది వచ్చినప్పుడు ముందు రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడగండి, అడిగితే మీకు ఇవ్వాలి. నేను పైన వేసిన వరసలో ఒక్కో మెట్టూ చదవండి: ఖరీదు, పాత సరుకు, సాల్వేజ్, అండర్ ఇన్సూరెన్స్, ఎక్సెస్. ఏ మెట్టు దగ్గర మీకూ ఆయనకీ తేడా ఉందో ఆ ఒక్కదాని మీదే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 'నాకు చాలా తక్కువ ఇచ్చారు' అని రాస్తే జవాబు కూడా అంతే మొక్కుబడిగా వస్తుంది. నెలలో తేలకపోతే, లేదా కాదంటే, హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు రాష్ట్రాలకీ ఆయనే. మీలాంటి సొంత చిన్న వ్యాపారాలు అక్కడికి వెళ్లొచ్చు, 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

ఇవాళ రాత్రే సర్వేయర్‌కి మెయిల్ పెట్టండి, కంపెనీకి కూడా కాపీ వేసి. ఇలా రాస్తే చాలు:

'గౌరవనీయులైన సర్వేయర్ గారికి, మా షాపులో తడిసిన సరుకుని మూడు కుప్పలుగా వేరుచేసి ఉంచాం, ఏదీ పారేయలేదు. మీరు వచ్చి మాతో కలిసి లెక్కపెట్టి, ఇద్దరం సంతకాలు చేసిన లిస్టు తయారుచేయమని కోరుతున్నాం. మా పుస్తకాల్లోని స్టాకులో కొంత భాగం పాలసీలో రాసిన షాపు అడ్రసులో కాకుండా మా ఇంట్లో ఉంది. వాన రోజుకి అది అక్కడే ఉంది. ఫొటోలు, కొనుగోలు బిల్లులు జతచేశాం. దాన్ని కూడా వచ్చి చూడగలరు. షాపులోని సరుకు విలువ లెక్కించేటప్పుడు దీన్ని మినహాయించమని మనవి.'

మీ షెడ్యూల్లో అడ్రసు ఒక్కటే ఉందని చూసుకున్నాకే ఆఖరి వాక్యాలు పెట్టండి.